ఎం30 మిక్స్ డిజైన్: ఆరు క్యూబులకు కలిపిన కాంక్రీటు ఐదుకే సరిపోయింది, కంకర లెక్క ఎక్కడ తప్పింది?

తీరం_సివిల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాకినాడ వైపు సముద్రానికి దగ్గరలో ఒక చిన్న కట్టడానికి ఎం30 మిక్స్ డిజైన్ చేస్తున్నాను. ఐఎస్ 10262 లోని 2019 సవరణ ప్రకారం, అబ్సొల్యూట్ వాల్యూమ్, అంటే నికర ఘనపరిమాణాల పద్ధతిలో చేశాను. తీరప్రాంతం కాబట్టి ఐఎస్ 456 లో ‘సివియర్’ వర్గం తీసుకున్నాను. అంటే నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు, సిమెంటు 320 కిలోలకు తగ్గకూడదు.

టార్గెట్ స్ట్రెంగ్త్ 30 + 1.65 × 5 = 38.25 వచ్చింది. 20 మిల్లీమీటర్ల కంకర, 100 మిల్లీమీటర్ల స్లంప్ కావాలి. నీరు 186 కిలోలతో మొదలుపెట్టి, స్లంప్ కోసం 6 శాతం పెంచి, సూపర్ ప్లాస్టిసైజర్ వాడుతున్నందుకు 20 శాతం తగ్గిస్తే 158 వచ్చింది. దాన్ని 0.45 తో భాగిస్తే సిమెంటు 351 కిలోలు. ఇంతవరకు సందేహం లేదు.

తర్వాత కంకర, ఇసుకలకు మిగిలే ఘనపరిమాణం 0.7175 ఘనమీటర్లు వచ్చింది. ఇసుక జోన్ 2 కాబట్టి కంకర వాటా 0.62. నిష్పత్తి 0.50 నుంచి 0.45 కి తగ్గినందుకు దాన్ని 0.63 చేశాను. ఈ ఘనపరిమాణాలను ల్యాబ్ రిపోర్టులో ఉన్న సాంద్రతలతో గుణించాను. కంకరకు 1540, ఇసుకకు 1650. కంకర 696 కిలోలు, ఇసుక 438 కిలోలు వచ్చాయి.

ఆరు క్యూబులకు సరిపడా, కొంత మిగిలేలా 25 లీటర్ల ట్రయల్ వేశాను. ఐదు క్యూబులు నిండాక ట్రేలో దాదాపు ఏమీ మిగల్లేదు. స్లంప్ కోన్ ఎత్తగానే కాంక్రీటు పూర్తిగా పరుచుకుపోయింది. అయినా 7 రోజుల క్యూబులు సగటున 28 మెగాపాస్కల్‌లు ఇచ్చాయి, అది బాగానే ఉంది కదా. బలం వస్తున్నప్పుడు పరిమాణం ఎందుకు తగ్గింది? తూకం రెండుసార్లు సరిచూశాను, తప్పు లేదు.

---

సీనియర్_సైట్

బాబూ, ఇది మామూలే. పొడి సరుకు కలిపినప్పుడు సందులు పూడిపోయి తడి కాంక్రీటు పరిమాణం తగ్గుతుంది. అందుకే మేము ఎస్టిమేటులో ఎప్పుడూ 1.54 తో గుణిస్తాం. ఒక ఘనమీటరు కాంక్రీటు కావాలంటే 1.54 ఘనమీటర్ల పొడి సరుకు లెక్క వేసుకోవాలి. నీ కంకర, ఇసుక రెండింటినీ 1.54 తో గుణించు, సరిపోతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే లెక్కతో స్లాబులు వేస్తున్నాం.

---

కంకర_లెక్క

సీనియర్ గారు సందుల గురించి చెప్పినది సరైనదే, జబ్బు ఎక్కడుందో అది చూపిస్తోంది. కానీ 1.54 ఇక్కడ మందు కాదు. అది 1:2:4 లాంటి నామినల్ మిక్సులకు ఎంత సరుకు కొనాలో ఉరామరిగా అంచనా వేయడానికి పుట్టిన గుణకం. మీ 696 ని దానితో గుణిస్తే 1072 వస్తుంది. ఆ అంకె ఏ రాతి లక్షణం నుంచీ వచ్చినది కాదు.

తీరం_సివిల్ గారూ, మీ లెక్కలో తప్పు ఒక్కచోటే ఉంది. 1540, 1650 అనేవి బల్క్ డెన్సిటీలు. డబ్బాలో కంకర పోసి తూచినప్పుడు రాళ్ల మధ్య గాలితో కలిపి వచ్చే అంకెలవి. మీకు మిగిలిన 0.7175 మాత్రం గాలి లేని, కేవలం రాతి పదార్థం ఆక్రమించే చోటు. ఆ పద్ధతి పేరులోనే ఆ షరతు ఉంది. రాళ్ల మధ్య సందుల్లోకి సిమెంటు, నీరు, ఇసుక వెళ్తాయి. వాటి ఘనపరిమాణాన్ని మీరు విడిగా ఇప్పటికే లెక్కపెట్టారు. మళ్లీ బల్క్ డెన్సిటీతో గుణిస్తే ఆ సందులను రెండోసారి లెక్కపెట్టినట్లే.

మీ కంకర రాయి స్పెసిఫిక్ గ్రావిటీ 2.68 అనుకుందాం. బల్క్ డెన్సిటీ 1540 అంటే ఒక ఘనమీటరు కుప్పలో రాయి 0.57 మాత్రమే, మిగతాదంతా గాలి. కాబట్టి కుప్ప సాంద్రత వాడితే కంకర దాదాపు సగానికి పడిపోతుంది. మీ రిపోర్టులో స్పెసిఫిక్ గ్రావిటీ తప్పకుండా ఉండాలి, వెతకండి. ఇసుకకు 2.60 అనుకుంటూ లెక్క మొదటి నుంచి వేస్తాను. అంకెలన్నీ ఒక ఘనమీటరుకు.

```
సిమెంటు       351 / 3150        = 0.1114
నీరు           158 / 1000        = 0.1580
అడ్మిక్స్చర్    3.5 / 1145        = 0.0031
చిక్కిన గాలి    1 శాతం            = 0.0100
మొత్తం                           = 0.2825
రాతికి మిగిలేది  1 - 0.2825        = 0.7175

కంకర  0.7175 x 0.63 x 2680      = 1211 కిలోలు
ఇసుక  0.7175 x 0.37 x 2600      = 690 కిలోలు
```

ఇప్పుడు అన్నీ కూడండి: 351, 158, 3.5, 1211, 690. మొత్తం 2413 కిలోలు. మామూలు రాతితో చేసిన కాంక్రీటు ఘనమీటరుకు సుమారు 2400 కిలోలు తూగుతుంది. మీ మొదటి లెక్క కూడితే 1647 మాత్రమే వస్తుంది. అంత తేలికైన కాంక్రీటు మామూలు కంకరతో రాదు. ఏ మిక్స్ డిజైన్ ముగించినా ముందు ఈ కూడిక చేయండి. ఏ సాంద్రత వాడారో మరిచిపోయినా, తప్పును ఈ ఒక్క అంకె పట్టిస్తుంది.

ఇక మీ ఐదు క్యూబుల సంగతి. 696 కిలోల కంకరను 2680 తో, 438 కిలోల ఇసుకను 2600 తో భాగించి, మిగతా 0.2825 కలపండి. 0.71 ఘనమీటరు వస్తుంది. అంటే ఒక ఘనమీటరు అనుకుని మీరు చేసినది ముప్పావు కూడా కాదు. మీ 25 లీటర్ల ట్రయల్ నిజానికి 18 లీటర్ల లోపే. ఒక్కో క్యూబుకు 3.375 లీటర్లు కావాలి కాబట్టి ఐదుకే సరిపోయింది. తూకం తప్పలేదు, లెక్కే చెప్పింది అది.

బలం ఎందుకు వచ్చిందని అడిగారు. బలాన్ని ప్రధానంగా నిర్ణయించే నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దగ్గరే ఉంది, దాన్ని మీరు ఎక్కడా మార్చలేదు. కంకర తక్కువైతే క్యూబు విరగదు. అందుకే ఈ తప్పు క్యూబు పరీక్ష దాటి సైటు దాకా వెళ్లిపోగలదు. కానీ అసలు ఘనమీటరుకు మీ సిమెంటు 351 కాదు, 351 ని 0.71 తో భాగిస్తే 494 కిలోలు. ఐఎస్ 456 పెట్టిన గరిష్ఠ హద్దు 450. నీరు కూడా అలాగే 222 కిలోలు అయింది. స్లంప్ కుప్పకూలడానికి అదే కారణం. ఇంత పేస్టుతో స్లాబు వేస్తే వేడి ఎక్కువ, ఎండినప్పుడు కుంచించుకుపోవడం ఎక్కువ, పగుళ్లు ఎక్కువ. డబ్బు సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

---

కొత్త_ఇల్లు

నమస్కారం సార్. మాది ఇల్లు, స్లాబు ఎం20 తో వేస్తున్నాం. పై లెక్క ప్రకారం మాకు బస్తాకు ఎన్ని గమేళాల కంకర పడుతుంది? మేస్త్రి ఒకటి చెబుతున్నాడు, ఇంజినీరు ఒకటి చెబుతున్నాడు.

---

కంకర_లెక్క

మీకు పై లెక్క అవసరం లేదండీ, అది డిజైన్ మిక్సుకు. ఎం20 ని నామినల్ మిక్సుగా, 1:1.5:3 నిష్పత్తిలో వేయవచ్చు. గమేళాలు వదిలేసి 35 లీటర్ల కొలత పెట్టె చేయించండి. 50 కిలోల సిమెంటు బస్తాకు అది సరిపోలే పరిమాణం. బస్తాకు ఆ పెట్టెతో ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. నీళ్లు బస్తాకు 30 లీటర్లు మించనివ్వకండి. మేస్త్రీతో గొడవ పడాల్సి వస్తే ఈ నీళ్ల దగ్గరే పడండి.

---

సీనియర్_సైట్

అయితే బల్క్ డెన్సిటీ పనికిరాదంటారా? మరి ల్యాబులో ఆ పరీక్ష ఎందుకు చేస్తారు? మా సైటులో తూకం మిషను లేదు, పెట్టెలతోనే కొలుస్తాం. మాకు ఆ అంకే ఆధారం.

---

కంకర_లెక్క

పనికొస్తుంది సార్, కానీ లెక్క పూర్తయ్యాక. 1211 కిలోల కంకర అని తేలిన తర్వాత, దాన్ని పెట్టెలతో కొలవాలంటే అప్పుడు 1540 తో భాగించాలి. 0.79 ఘనమీటరు కుప్ప వస్తుంది. అంటే బల్క్ డెన్సిటీ కిలోలను పెట్టెలుగా మార్చుతుంది. ఘనపరిమాణాన్ని కిలోలుగా మార్చేది స్పెసిఫిక్ గ్రావిటీ. ఈ రెంటి క్రమం తారుమారైతే తీరం_సివిల్ గారికి వచ్చిన ఫలితమే వస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఇసుక కొంచెం తడిగా ఉంటే ఉబ్బుతుంది, అదే పెట్టెలో తక్కువ ఇసుక పడుతుంది. కంకరకు ఆ ఇబ్బంది దాదాపు లేదు. ఎం30 ని పెట్టెలతో వేయడం నాకు సమ్మతం కాదు, కనీసం ఇసుకనైనా తూచండి.

---

తీరం_సివిల్

మేడమ్, చాలా స్పష్టంగా చెప్పారు. రిపోర్టు రెండో పేజీలో స్పెసిఫిక్ గ్రావిటీ దొరికింది. కానీ ఇసుకకు మూడు అంకెలున్నాయి: 2.54, 2.60, 2.71. నీటి పీల్పు 2.5 శాతం. మూడింటిలో ఏది వాడాలి? నాది ఎం శాండ్, నది ఇసుక కాదు.

---

కంకర_లెక్క

2.60 వాడండి. కారణం చెబుతాను, ఎందుకంటే చాలా రిపోర్టుల్లో ఈ పేర్లు సరిగ్గా రాయరు, తర్వాతి సారి మీరే పోల్చుకోవాల్సి వస్తుంది.

మూడూ ఒకే ఇసుకవి. ఇసుక రేణువు లోపల చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఓవెన్‌లో ఎండబెట్టిన బరువును ఆ రంధ్రాలతో కలిపిన ఘనపరిమాణంతో భాగిస్తే 2.54. రంధ్రాలు నీటితో నిండి, పైన మాత్రం ఆరినప్పటి బరువును అదే ఘనపరిమాణంతో భాగిస్తే 2.60. దాన్నే ఎస్ఎస్‌డి అంటాం. ఎండిన బరువును రంధ్రాలు తీసేసిన ఘనపరిమాణంతో భాగిస్తే 2.71, అది అపారెంట్.

కాంక్రీటులో రేణువు ఆ రంధ్రాలతో సహా చోటు ఆక్రమిస్తుంది, వాటిలో నీరు నిండి ఉంటుంది. ఆ నీరు సిమెంటుతో పనిచేయదు, మీ 158 లో లెక్కకు రాదు. అందుకే డిజైన్ మొత్తం ఎస్ఎస్‌డి స్థితిలో చేస్తాం. 2.71 వాడితే ఇసుక 690 కి బదులు 719 అవుతుంది, ఘనమీటరు ఒక శాతం పైగా పెరిగిపోతుంది. బల్క్ డెన్సిటీ అంత ప్రమాదం కాదు కానీ తప్పు తప్పే.

ఐఎస్ 2386 మూడో భాగంలో ‘స్పెసిఫిక్ గ్రావిటీ’ అని ఊరకే రాసినది ఎండిన బరువు మీదిదని గుర్తుంచుకోండి. కొన్ని ల్యాబులు ఆ ఒక్కటే ఇస్తాయి. అప్పుడు దాన్ని నీటి పీల్పుతో పెంచుకుంటే ఎస్ఎస్‌డి వస్తుంది: 2.54 ను 1.025 తో గుణిస్తే 2.60.

---

ప్లాంట్_రాత్రిపాళి

నేను రెడీమిక్స్ ప్లాంటులో బ్యాచింగ్ చూస్తాను. పైదంతా కాగితం మీద సరే. మాకు రోజూ తలనొప్పి తెచ్చేది ఎస్ఎస్‌డి అనే ఆ స్థితి యార్డులో ఎప్పుడూ ఉండకపోవడమే. కంకర ఎండలో కాలిపోయి ఉంటుంది, ఎం శాండ్ కడిగి పంపిస్తారు కాబట్టి కారుతూ వస్తుంది.

ఇదే మిక్సు తీసుకుందాం. ఇసుకలో మొత్తం తేమ 5 శాతం, పీల్పు 2.5 అనుకోండి. 690 కిలోల ఎస్ఎస్‌డి ఇసుకలో పొడి ఇసుక 673. దానికి 5 శాతం తేమ కలిపితే 707. కాబట్టి తూకంలో 707 వేయాలి, దాంతో 17 కిలోల నీరు ఉచితంగా వస్తోంది. కంకర పూర్తిగా ఎండి, పీల్పు అర శాతం ఉంటే 1205 వేసి 6 కిలోల నీరు అదనంగా ఇవ్వాలి. మొత్తం మీద పంపు నుంచి వదలాల్సిన నీరు 158 కాదు, 147.

ఇది చేయకుండా తడి ఇసుకనే 690 తూచి, 158 నీరు వదిలితే పది కిలోలు ఎక్కువవుతాయి. నిష్పత్తి 0.45 నుంచి 0.48 కి జారుతుంది. మీ సివియర్ హద్దు అక్కడే దాటిపోతుంది. వర్షం పడిన రాత్రి నేను గంటకోసారి ఇసుక తేమ చూస్తాను. పొద్దున చూసిన అంకెతో రాత్రంతా నడిపితే క్యూబులే చెబుతాయి.

---

డల్లాస్_తెలుగు

ఇక్కడ అమెరికాలో మేము ఏసీఐ 211.1 తో చేస్తాం. ఈ చర్చ చదువుతుంటే ఒక విషయం తట్టింది. మా పట్టికలో ముప్పావు అంగుళం కంకరకు, 2.80 ఫైన్‌నెస్ మాడ్యులస్ ఉన్న ఇసుకకు 0.62 ఉంటుంది. మీ జోన్ 2 కు కూడా 0.62. కానీ మా 0.62 అర్థం వేరు. ఒక ఘనమీటరు కాంక్రీటులో, రాడ్డుతో కూరి నింపిన పొడి కంకర 0.62 ఘనమీటరు అని. కాబట్టి మాకు అక్కడ బల్క్ డెన్సిటీతోనే గుణించాలి, అదే సరైన పద్ధతి. కూరిన సాంద్రత 1600 అయితే కంకర 992 కిలోలు. ఇసుకను మాత్రం చివర్లో ఘనపరిమాణాలు తీసేసి స్పెసిఫిక్ గ్రావిటీతో పడతాం.

తీరం_సివిల్ గారు ఏదైనా అమెరికన్ ఉదాహరణ చూసి బల్క్ డెన్సిటీ తెచ్చుకున్నారేమో అని నా అనుమానం.

---

తీరం_సివిల్

అవునండీ, ఒక వీడియోలో అలాగే చేశారు. 0.62 అనే అంకె రెండుచోట్లా ఉండటంతో రెండూ ఒకటే అనుకున్నాను.

---

కంకర_లెక్క

డల్లాస్ గారు మంచి విషయం చెప్పారు. రెండు పట్టికల్లో ఆ అడ్డు వరుస మొత్తం అంకెకు అంకె సరిపోతుంది: 0.66, 0.64, 0.62, 0.60. వాళ్లది ఫైన్‌నెస్ మాడ్యులస్ 2.40 నుంచి 3.00 దాకా, మనది జోన్ 4 నుంచి జోన్ 1 దాకా. మన కోడు మాత్రం ఆ అంకెను ‘మొత్తం అగ్రిగేట్ ఘనపరిమాణంలో కంకర వాటా’ అని చెబుతుంది. కాబట్టి మన కోడుతో మొదలుపెడితే చివరిదాకా మన అర్థంతోనే వెళ్లాలి. పట్టిక ఒకరిది, సూత్రం మరొకరిది కలపకూడదు.

ఫలితంలో తేడా చిన్నది కాదు. వాళ్ల పద్ధతిలో కంకర వెయ్యి కిలోల దగ్గర ఉంటే మన పద్ధతిలో పన్నెండు వందల పైన. మిగతా చోటును ఇసుక నింపుతుంది, మొత్తం బరువు ఎలాగూ 2400 దగ్గరే ఉంటుంది. అందుకే ఈ రకం తేడాను నేను చెప్పిన కూడిక పట్టుకోలేదు. ట్రయల్‌లో కంటితో చూడాల్సిందే.

---

బూడిద_సిమెంటు

నా సందేహం కూడా దీనిలోనే అడుగుతాను. మా సైటులో ఓపీసీ కాదు, పీపీసీ వస్తుంది. అదే 351 కిలోలు ఉంచి మిగతా లెక్క అలాగే వాడవచ్చా?

---

ప్లాంట్_రాత్రిపాళి

వాడకండి. పీపీసీలో ఫ్లై యాష్ ఉంటుంది, అది తేలిక. స్పెసిఫిక్ గ్రావిటీ 3.15 కాదు, 2.9 దగ్గర ఉంటుంది. అదే 351 కిలోలు 0.111 కి బదులు 0.121 ఘనమీటరు ఆక్రమిస్తాయి. రాతికి మిగిలే చోటు తగ్గుతుంది, కంకర, ఇసుక కలిపి సుమారు 25 కిలోలు తగ్గించాలి. మీ బ్యాచుకు నిజమైన విలువ సిమెంటు టెస్టు సర్టిఫికెట్‌లో లేకపోతే ల్యాబులో చేయించండి. నీరు-సిమెంటు నిష్పత్తిని కూడా ఆ సిమెంటుతోనే ట్రయల్ వేసి తేల్చుకోవాలి, ఓపీసీ గ్రాఫు మీద ఆధారపడకండి.

---

తీరం_సివిల్

కొత్త లెక్కతో రెండో ట్రయల్ వేశాను. 25 లీటర్లకు సిమెంటు 8.78, కంకర 30.3, ఇసుక 17.25. కంకరను 20, 10 మిల్లీమీటర్లుగా 60:40 చొప్పున తీసుకున్నాను. తేమ సవరణ రాత్రిపాళి గారు చెప్పినట్లే చేశాను. ఈసారి ఆరు క్యూబులు నిండి ఇంకా మిగిలింది.

స్లంప్ 90. తడి కాంక్రీటును కొలత డబ్బాలో నింపి తూస్తే ఘనమీటరుకు 2398 కిలోలు వచ్చింది. నా లెక్క 2413. ఈ తేడా పట్టించుకోవాలా?

ఇంకో సంగతి. కోన్ ఎత్తాక పక్కల కంకర బయటపడుతోంది, తాపీతో నునుపు చేయడానికి గట్టిగా రుద్దాల్సి వచ్చింది. దీన్ని పంపుతో ఎక్కించాలి.

---

కంకర_లెక్క

2413 ని 2398 తో భాగిస్తే 1.006. అంటే ఒక ఘనమీటరుకు లెక్కించిన సరుకు ఆరు లీటర్లు ఎక్కువ ఇచ్చింది. అసలు సిమెంటు ఘనమీటరుకు 349 అయింది. గాలి ఒక శాతానికి బదులు ఒకటిన్నర చిక్కి ఉండవచ్చు, లేదా స్పెసిఫిక్ గ్రావిటీలో రెండో దశాంశం కొంచెం అటూ ఇటూ అయి ఉండవచ్చు. ఇంత తేడాను నేను వదిలేస్తాను. రెండు శాతం దాటితే మాత్రం సాంద్రతలను మళ్లీ పరీక్ష చేయించండి, గాలిని కూడా కొలిపించండి.

కంకర బయటపడటం గురించి: పంపు చేసే కాంక్రీటుకు కంకర వాటాను పది శాతం వరకు తగ్గించుకోవచ్చని కోడే చెబుతుంది. 0.63 ను ఐదు శాతం తగ్గించి 0.60 చేయండి. కంకర 1154, ఇసుక 746 అవుతాయి. రెండూ కలిపితే ముందటి మొత్తానికి కిలో తేడా మాత్రమే. సిమెంటు, నీరు ముట్టుకోకండి.

---

ప్లాంట్_రాత్రిపాళి

ఇక్కడ మేడమ్‌తో నేను ఏకీభవించను. ఎం శాండ్‌లో 150 మైక్రాన్ల కిందటి పొడి ఎక్కువగా ఉంటే ఇసుక పెంచగానే నీటి దాహం పెరుగుతుంది. 90 స్లంప్ 60 కి పడిపోతుంది, అప్పుడు సైటులో ఎవరో ఒకరు పైపు తిప్పేస్తారు. నేనైతే 0.63 అలాగే ఉంచి, 20, 10 మిల్లీమీటర్ల నిష్పత్తిని 60:40 నుంచి 50:50 కి మార్చి చూస్తాను. మా ప్లాంటులో పంపు అలాగే నడుస్తుంది. ముందు మీ ఇసుక జల్లెడ ఫలితం పెట్టండి.

---

కంకర_లెక్క

పొడి ఎక్కువైతే అది నిజమే, ఒప్పుకుంటాను. కానీ 10 మిల్లీమీటర్ల కంకర చెక్కల్లా, పలుచగా వచ్చే క్రషర్లు చాలా ఉన్నాయి. అలాంటి కంకరను పెంచితే పంపులో ఇరుక్కునేది అదే. నేను ముందు 0.60 తో ట్రయల్ వేస్తాను, స్లంప్ పడితే నీరు కాకుండా అడ్మిక్స్చర్ డోసు పెంచి చూస్తాను.

---

సీనియర్_సైట్

రెండూ వేసి చూడు బాబూ. ఒకే రోజు, ఒకే ఇసుకతో, ఒకే తేమతో. నేను 1.54 ను ఎస్టిమేటుకే ఉంచుకుంటాను కానీ, ఇద్దరిలో ఎవరిది నెగ్గిందో ఇక్కడ రాయి.

---

తీరం_సివిల్

అలాగే సార్. జల్లెడ ఫలితం ఇది: 150 మైక్రాన్ల కింద 14 శాతం, 600 మైక్రాన్ల కింద 48 శాతం. 10 మిల్లీమీటర్ల కంకర చెక్కతనం పరీక్ష ఇంకా రాలేదు. శనివారం 0.60 ఒకటి, 50:50 ఒకటి, రెండు ట్రయల్స్ వేస్తాను. రెండింటి స్లంప్, తడి సాంద్రత, గంట తర్వాత స్లంప్ ఇక్కడే పెడతాను.